ఫర్జ్, సున్నత్, ముస్తహబ్

ముస్లిం చేసే ప్రతి పనికీ ఇస్లామీయ ధర్మశాస్త్రమైన ఫిఖహ్ ఒక స్థాయిని నిర్ణయిస్తుంది. తప్పక చేయాల్సిన పని ఫర్జ్. దాన్ని కావాలని మానితే పాపం. అది నమాజు వంటి ఆరాధనలో భాగమైతే, మానినప్పుడు ఆ ఆరాధనే చెల్లదు. ప్రవక్త ముహమ్మద్ (స) క్రమంగా పాటిస్తూ కూడా తప్పనిసరి చేయకుండా వదిలిన పని సున్నత్. దాన్ని చేస్తే పుణ్యం దక్కుతుంది. మానినా ఆరాధన చెల్లుతుంది, కానీ మానడమే అలవాటు చేసుకున్నవాడు నిందకు గురవుతాడు. ఆయన అప్పుడప్పుడు చేసినవీ, చేస్తే మంచిదని మెచ్చినవీ ముస్తహబ్. వాటిని చేస్తే పుణ్యం, చేయకపోతే దోషం లేదు. సున్నత్‌నూ ముస్తహబ్‌నూ ఇలా విడదీసి చూపడం హనఫీ పండితుల పద్ధతి. షాఫియీ పండితులు చాలామంది ఈ రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడతారు.

ప్రవక్త కాలంలో

ఈ పేర్లు శాస్త్రపదాలుగా స్థిరపడింది తర్వాతి కాలంలోనే. కానీ ఆ తేడా మాత్రం ప్రవక్త జీవితంలోనే కనిపిస్తుంది. తల్హా బిన్ ఉబైదుల్లా ఉల్లేఖించిన ఒక హదీసులో, నజ్ద్ ప్రాంతం నుంచి వచ్చిన ఒక పల్లెవాసి తన మీద ఉన్న విధులేమిటని ప్రవక్తను అడుగుతాడు. రోజుకు ఐదు నమాజులు, రమజాన్ ఉపవాసాలు, జకాత్ అని ఆయన చెబుతారు. ఇంకేమైనా ఉందా అని ప్రతిసారీ అడిగితే, నీ అంతట నువ్వు చేస్తే తప్ప మరేమీ లేదన్నదే జవాబు. దీనికి ఎక్కువా చేయను, తక్కువా చేయనని అతను వెళ్లిపోతే, ఆ మాట నిజంగా నిలబెట్టుకుంటే అతను సఫలుడైనట్టేనని ప్రవక్త అన్నారు. ఫర్జ్ ఎక్కడ ముగుస్తుందో ఈ సంఘటన స్పష్టంగా చూపుతుంది.

తరావీహ్ నమాజు చరిత్ర ఇంకా లోతైన విషయం చెబుతుంది. ఒక రమజానులో ప్రవక్త రాత్రివేళ మస్జిద్‌లో నమాజు చేస్తుంటే జనం వెనక చేరారు. మరుసటి రాత్రి ఇంకా ఎక్కువమంది వచ్చారు. కొన్ని రాత్రుల తర్వాత మస్జిద్ కిక్కిరిసిపోయింది, కానీ ఆ రాత్రి ఆయన బయటికి రాలేదు. ఇది మీ మీద ఫర్జ్ అయిపోతుందేమో, అప్పుడు మీరు మోయలేరేమో అని భయపడ్డానని ఉదయం చెప్పారు. ఈ విషయాన్ని ఆయన భార్య ఆయిషా ఉల్లేఖించారు. 632లో ప్రవక్త మరణించాక కొత్త విధి వచ్చే అవకాశం లేకుండా పోయింది. తర్వాత ఖలీఫా ఉమర్, మస్జిద్‌లో ఎవరికి వారు చేసుకుంటున్న జనాన్ని ఉబయ్ బిన్ కాబ్ ఇమామత్ కింద ఒక్క జమాఅత్‌గా నిలబెట్టారు. ప్రవక్త భయపడింది నమాజు గురించి కాదు, అది తప్పనిసరి భారమవుతుందని. మిస్వాక్ విషయంలోనూ అంతే. జనానికి కష్టమవుతుందన్న ఆలోచన లేకుంటే ప్రతి నమాజుకూ పళ్లు తోముకోమని ఆజ్ఞాపించేవాణ్ణని ఆయన అన్నారు. ఆజ్ఞ ఇవ్వలేదు కాబట్టి మిస్వాక్ ఫర్జ్ కాలేదు. ఇష్టపడ్డారు కాబట్టి సున్నత్ అయింది.

పండితుల యుగం

ఇస్లాం అరేబియా దాటి విస్తరించాక, ఎనిమిదో, తొమ్మిదో శతాబ్దాల్లో ప్రతి ఆచరణకూ స్థాయి ఏమిటో శాస్త్రబద్ధంగా చెప్పాల్సి వచ్చింది. కూఫాలో అబూ హనీఫా (699–767), మదీనాలో మాలిక్ (711–795), చివరికి ఈజిప్టులో స్థిరపడిన షాఫియీ (767–820), బగ్దాదులో అహ్మద్ బిన్ హంబల్ (780–855) పేర్లమీద నాలుగు సున్నీ సంప్రదాయాలు, అంటే మజ్‌హబ్‌లు, రూపుదిద్దుకున్నాయి. ఆ తర్వాత ఇమామ్ గజాలీ (1058–1111) తన ‘అల్ ముస్తస్ఫా’ గ్రంథంలో మనిషి పనులను ఐదు వర్గాలుగా వివరించారు. తప్పనిసరి, మెచ్చదగినది, అనుమతించినది, ఇష్టం లేనిది (మక్రూహ్), నిషిద్ధం (హరామ్) అనేవి ఆ ఐదు.

హనఫీలు ఇందులో మరో మెట్టు చేర్చారు. ఆధారం ఎంత బలమైనదో చూసి తప్పనిసరి పనులను రెండుగా విడదీశారు. సందేహానికి తావులేని ఆధారంతో, సందేహంలేని అర్థంతో తేలింది ఫర్జ్. ఆధారం గట్టిదే అయినా ఆ స్థాయి నిశ్చయం లేనిది వాజిబ్. ఉదాహరణకు, నమాజులో ఖురాన్‌లో కొంత భాగం చదవాలని ఖురానే చెబుతోంది కాబట్టి అది ఫర్జ్. ఫాతిహా సూరానే చదవాలన్న నియమం హదీసు ద్వారా వచ్చింది కాబట్టి హనఫీల దృష్టిలో అది వాజిబ్. మిగతా మూడు సంప్రదాయాల్లో ఫర్జ్‌కూ వాజిబ్‌కూ సాధారణంగా తేడా లేదు. ఒంటరిగా నమాజు చేసేవాడికి ఫాతిహా లేకపోతే నమాజే లేదని వారి మాట.

వుజూలో తేడా

ఈ స్థాయిలు రోజూ ఎదురయ్యే చోటు వుజూ. నమాజుకు ముందు చేసే శుద్ధి ఇది. ఖురాన్ ఐదో సూరా ఆరో వాక్యం నాలుగు పనులు చెబుతుంది. ముఖం కడగడం, చేతులు మోచేతుల వరకు కడగడం, తడిచేత్తో తల తుడవడం (మసహ్), పాదాలు చీలమండల వరకు కడగడం. హనఫీల ప్రకారం వుజూలో ఫర్జ్ ఈ నాలుగే. ఒక్కోసారి కడిగితే చాలు. తలలో నాలుగో వంతు తడిచేత్తో తుడిస్తే చాలు.

మనం సాధారణంగా చూసే వుజూ మాత్రం ఇంతకంటే పెద్దది. మనసులో సంకల్పం చేసుకోవడం, బిస్మిల్లా అనడం, మణికట్ల వరకు చేతులు కడగడం, మిస్వాక్, నోరు పుక్కిలించడం, ముక్కులో నీళ్లు ఎక్కించడం, ప్రతి అవయవాన్నీ మూడుసార్లు కడగడం, తలంతా, చెవులూ తుడవడం, ఇవన్నీ సున్నత్. కుడివైపు నుంచి మొదలుపెట్టడం, ఖిబ్లా వైపు తిరిగి కూర్చోవడం ముస్తహబ్. సున్నత్‌కూ ముస్తహబ్‌కూ మధ్య గీత ఎక్కడ గీయాలన్న దానిమీద హనఫీ పండితుల్లోనే చర్చ ఉంది. పదకొండో శతాబ్దపు ఖుదూరీ తన చిన్న పాఠ్యగ్రంథంలో సంకల్పాన్ని ముస్తహబ్‌ల వరసలో పెట్టారు. పన్నెండో శతాబ్దంలో మర్గీనానీ ‘హిదాయా’లో దాన్ని సున్నత్ అన్నారు. అయితే అది ఫర్జ్ కాదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

మజ్‌హబ్ మారితే ఫర్జ్‌ల లెక్కా మారుతుంది. షాఫియీలు సంకల్పాన్నీ, వరుస తప్పకపోవడాన్నీ కలిపి ఆరు ఫర్జ్‌లు చెబుతారు. తల విషయంలో మాత్రం కొన్ని వెంట్రుకలు తడిసినా చాలంటారు. మాలికీలు, హంబలీలు తలంతా తుడవాలంటారు. నోరు, ముక్కు శుభ్రం చేసుకోవడం ముఖం కడగడంలో భాగమే కాబట్టి తప్పనిసరి అని హంబలీల వాదన. ఒకే పనికి ఒకే మజ్‌హబ్‌లో రెండు స్థాయిలు ఉండటం కూడా జరుగుతుంది. నోరు పుక్కిలించడం హనఫీలకు వుజూలో సున్నత్, స్నానవిధి అయిన గుస్ల్‌లో ఫర్జ్.

స్థాయి తెలియకపోతే పొరపాటు ఎలా జరుగుతుందో ఇక్కడే చూడొచ్చు. ఒకరు మూడేసిసార్లు కడిగి, కుడివైపు నుంచే మొదలుపెట్టి, మిస్వాక్ కూడా చేశారు. కానీ గోళ్ల మీద నీరు చొరని రంగు ఉండిపోయింది, లేదా తొందరలో మడమ పొడిగా మిగిలింది. సున్నత్‌లన్నీ పూర్తయినా ఆ వుజూ చెల్లదు. మడమ తడవక మిగిలినవాళ్లను ప్రవక్త తీవ్రంగా హెచ్చరించారు. మరొకరు రైల్లో సీసాలో ఉన్న కొద్ది నీటితో ఒక్కోసారి మాత్రమే ముఖం, చేతులు, కాళ్లు పూర్తిగా కడిగి తల తుడుచుకున్నారు. హనఫీ ప్రకారం ఆ వుజూ చెల్లుతుంది.

నమాజులో మరచిపోతే

జుహర్ వేళ ఇంట్లో ఒంటరిగా నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు చేస్తున్న వ్యక్తిని తీసుకుందాం. మొదటి రకాతులో ఫాతిహా మరచి నేరుగా మరో సూరా చదివాడు. చివర కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. హనఫీ ప్రకారం వాజిబ్ తప్పింది. అందుకని తషహ్హుద్ చదివి, కుడివైపు సలామ్ చెప్పి, రెండు సజ్దాలు చేసి, మళ్లీ తషహ్హుద్ చదివి నమాజు ముగిస్తాడు. దీన్నే సజ్దా సహూ అంటారు. షాఫియీ ప్రకారమైతే ఆ మొదటి రకాతు లెక్కలోకే రాదు. లేచి ఇంకో రకాతు చేసి, ఆ తర్వాత సజ్దా సహూ చేయాలి.

అదే వ్యక్తి ఒక రకాతులో రుకూ చేయడమే మరచిపోతే ఫర్జ్ తప్పినట్టు. సజ్దా సహూ ఒక్కటే దాన్ని పూడ్చలేదు. రుకూలో మూడుసార్లు చెప్పే తస్బీహ్ మరచిపోతే హనఫీ ప్రకారం తప్పింది సున్నత్ మాత్రమే. నమాజు పూర్తయినట్టే, సజ్దా సహూ అవసరం లేదు. నిలబడినప్పుడు చూపు సజ్దా చేసే చోట నిలపకపోతే తప్పింది ముస్తహబ్. దానికి నింద కూడా లేదు.

రోజువారీ నమాజుల చుట్టూ ఉన్న సున్నత్‌లలోనూ రెండు రకాలున్నాయి. ఫజర్ ముందు రెండు, జుహర్ ముందు నాలుగు, తర్వాత రెండు, మగ్రిబ్ తర్వాత రెండు, ఇషా తర్వాత రెండు కలిపి పన్నెండు రకాతులు హనఫీలకు సున్నతె ముఅక్కదా, అంటే గట్టిగా చెప్పిన సున్నత్. అసర్ ముందు నాలుగు రకాతులు గైర్ ముఅక్కదా. వాటిని మానితే నింద లేదు.

స్థాయి తారుమారైతే

ఫర్జ్‌ను తేలిగ్గా తీసుకోవడం ఎంత తప్పో, ముస్తహబ్‌ను ఫర్జ్‌లా పట్టుబట్టడమూ అంత తప్పని పండితులు మొదటినుంచీ హెచ్చరించారు. నమాజు ముగిశాక కుడివైపే తిరగాలని నమ్మి, తమ నమాజులో షైతానుకు వాటా ఇవ్వొద్దని సహాబీ అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ చెప్పారు. ప్రవక్త తరచూ ఎడమవైపు తిరగడం తాను చూశానన్నది ఆయన సాక్ష్యం. మెచ్చదగిన పనిని తప్పనిసరి అని నమ్మితే దాన్ని కొంతకాలం వదలడమే మంచిదని తర్వాతి హనఫీ పండితులు కూడా చెప్పారు.

ఈ హెచ్చరికను పట్టించుకోని సందర్భాలూ ఉన్నాయి. నమాజులో ఆమీన్ పలకడం నాలుగు మజ్‌హబ్‌లలోనూ ఉంది. బిగ్గరగానా, మెల్లగానా అన్నదే భేదం. ఫర్జ్ కాని ఆ భేదం మీద ఉత్తర భారత మస్జిద్‌లలో గొడవలు జరిగి వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. 1885లో అలహాబాద్ హైకోర్టు ముందుకు వచ్చిన అలాంటి కేసులో జస్టిస్ సయ్యద్ మహమూద్ ఫిఖహ్ గ్రంథాలు పరిశీలించి, బిగ్గరగా ఆమీన్ అనడం ఇస్లామీయ ధర్మశాస్త్రంలో నేరం కాదని వివరంగా రాశారు.

తెలుగు ప్రాంతంలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ముస్లింలు ఎక్కువమంది హనఫీలు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి నివసించే హైదరాబాద్ బార్కస్‌లో షాఫియీ సంప్రదాయం నిలిచి ఉంది. కాబట్టి ఒకే నగరంలో ఒకరికి వాజిబ్ అయినది మరొకరికి ఫర్జ్ కావచ్చు, ఒకరికి సున్నత్ అయినది మరొకరికి తప్పనిసరి కావచ్చు. సామాన్య విశ్వాసి చేయాల్సింది ముందు తన మజ్‌హబ్ ప్రకారం వుజూ, గుస్ల్, నమాజుల ఫర్జ్‌లను తెలిసిన ఆలిమ్ దగ్గర నేర్చుకోవడం. వాటి తర్వాత వాజిబ్, ఆపైన సున్నత్, చివర ముస్తహబ్. పక్కన నిలబడినవాడి పని తప్పనిపిస్తే, మాట అనేముందు అది అతని మజ్‌హబ్‌లో ఏ స్థాయిదో కనుక్కోవాలి.