ఇంటి ముందు గోడకి పరంజా: పైపు ఎన్ని అడుగులు పడుతుంది?

టి. నగర్‌లో పాత ఇళ్లున్న రోజుల్లో వెల్ల వేయించడానికి ఒక నిచ్చెన చాలేది. ఇప్పుడు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు మోస్తున్న ఈ పేటలో ఆ ఇళ్ల స్థానంలో మూడు, నాలుగు అంతస్తుల ఫ్లాట్లు లేచాయి. ముందు గోడకి రంగు వేయాలంటే పరంజా కట్టక తప్పదు. మనం పరంజా అనేదాన్ని ఇక్కడి మేస్త్రీలు సారం అంటారు. దానికి అయ్యే ఖర్చు ఒక్కరిది కాదు, అన్ని ఫ్లాట్లవారూ పంచుకునేది. అందుకే దీని లెక్క ఇంటి కమిటీలో కనీసం ఒకరికైనా తెలిసి ఉండాలి.

మా భవనానికి రంగు వేయించాలనుకున్నప్పుడు రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకరు 1,200 అడుగుల పైపు అని రాశారు, ఇంకొకరు 2,200 అడుగులని రాశారు. కొలిచిన గోడ ఒకటే. రెండోవారు మోసం చేస్తున్నారని సమావేశంలో చాలామంది అన్నారు. నేను రిటైరైన గుమాస్తాని. అంకెల్లో తేడా వస్తే అది ఎక్కడ పుట్టిందో చూడకుండా ఊరుకోలేను. కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుని వేసిన లెక్క ఇది.

మా ముందు గోడ వెడల్పు 40 అడుగులు, పిట్టగోడ పైఅంచు దాకా ఎత్తు 45 అడుగులు. ముందు వైపు సన్‌షేడ్లు లేవు. మీ గోడకి రెండడుగుల సన్‌షేడ్ ఉంటే పరంజా దానికవతల నిలబడాలి. అప్పుడు గోడవైపు వచ్చే పైపులన్నీ ఆ మేరకు పొడుగవుతాయి.

ముందుగా ఎత్తు. పరంజా 45 అడుగులూ ఎక్కనక్కర్లేదు. పలక మీద నిలబడ్డ మనిషి చెయ్యి ఆరడుగుల పైదాకా అందుతుంది కాబట్టి పైపలక 39 అడుగుల దగ్గర ఉంటే చాలు. కానీ అక్కడ నిలబడ్డవాడు పడిపోకుండా రెయిలింగ్ కట్టాలి. దానికోసం నిలువు పైపు పలక మీద ఇంకో 4 అడుగులు లేవాలి. అంటే నిలువు పైపు ఎత్తు 43 అడుగులు.

తరువాత వెడల్పు. నిలువు పైపుల మధ్య ఎడం 7 అడుగులు దాటకూడదనుకున్నాం. 40ని 7తో భాగిస్తే 5.71 వస్తుంది. దీన్ని ఎప్పుడూ పైఅంకెకే తీసుకోవాలి, కిందికి దించకూడదు. కాబట్టి 6 ఖాళీలు, ఒక్కోటీ 6 అడుగుల 8 అంగుళాలు. 6 ఖాళీలకి కావలసిన నిలువులు ఆరు కాదు, ఏడు. కంచెలో ఖాళీలకంటే గుంజ ఎప్పుడూ ఒకటి ఎక్కువే. ఈ ఒకటి మరిచిపోవడం చాలామంది చేసే తప్పు.

అంతకంటే పెద్ద తప్పు ఒకటుంది, అది రెండో వరుసను మరిచిపోవడం. కొత్తగా గోడ కట్టేటప్పుడు ఇటుకల్లో కన్నాలు వదిలి, అడ్డకర్ర ఒక కొసని గోడలోకే దూర్చి, ఒకే వరుస నిలువులతో పని కానిస్తారు. పూత పూసిన గోడకి కన్నాలు పొడవలేం. అందుకని గోడకి అడుగు ఎడంగా ఒక వరుస, దానికి మూడున్నర అడుగుల అవతల ఇంకో వరుస నిలపాలి. అంటే మొత్తం నిలువులు 14.

14 × 43 = 602 అడుగులు.

ఇక గోడ పొడవునా నిలువులని కలుపుతూ పడుకునే పైపులు. వీటిని లెడ్జర్లంటారు. నేను ఉద్యోగంలో రాసిన లెడ్జర్లు వేరు గాని ఇక్కడ కూడా పని అదే, అన్నిటినీ ఒక పద్దుకి తేవడం. వీటిని ఆరున్నర అడుగులకొకటిగా వేస్తే 39 అడుగుల్లో 6 మట్టాలు వస్తాయి. నేలకి ఆనుకుని, నిలువుల పాదాలు జరగకుండా పట్టి ఉంచే మట్టం ఇంకొకటి. మొత్తం 7. ఇక్కడ కూడా ఒకటి కలుస్తుందని గమనించండి. రెండు వరుసలు, ఒక్కో లెడ్జర్ చివరల్లో అటూ ఇటూ అడుగు చొప్పున బయటికి రావాలి కాబట్టి పొడవు 42 అడుగులు.

2 × 7 × 42 = 588 అడుగులు.

రెండూ కలిపితే 1,190. మొదటి కొటేషన్‌లోని 1,200 ఎక్కడినుంచి వచ్చిందో ఇక్కడ తేలిపోయింది. ఆయన లెక్క తప్పు కాదు, సగంలో ఆగింది. ఎత్తు, వెడల్పు, ఎడాలతో వచ్చేది ఎముకల గూడు మాత్రమే. దాన్ని నిలబెట్టేవి, దానిమీద మనిషిని కాపాడేవి ఇంకా ఉన్నాయి.

రెండు వరుసలనీ కలిపే పొట్టి అడ్డపైపులు మొదటివి. 7 జతల నిలువులు, 7 మట్టాలు, అంటే 49. కొసలు బయటికి రావాలి కాబట్టి ఒక్కోటీ 5 అడుగులు. పలకలు పరిచిన చోట ఖాళీ మధ్యలో కూడా ఒకటి ఉండాలి, లేకపోతే పలక నడుమ వంగుతుంది. ఒకేసారి రెండు మట్టాల్లో పలకలు పరుస్తారనుకుంటే మరో 12. మొత్తం 61 పైపులు, 305 అడుగులు.

రెండోది రెయిలింగ్. పలకలున్న ఆ రెండు మట్టాల్లో బయటివైపు నడుము ఎత్తున ఒకటి, దానికి సగం ఎత్తున ఒకటి పొడవునా పోవాలి. 4 × 42 = 168. రెండు పక్కలా మూయడానికి 8 పొట్టి పైపులు, 40 అడుగులు. కలిపి 208. పలకలు పైకి జరిగితే రెయిలింగ్ కూడా వాటితోపాటు జరగాలి.

మూడోది ఏటవాలు పైపులు. నాలుగు కర్రలతో కట్టిన చతురస్రాన్ని చేత్తో తోస్తే పక్కకి వాలుతుంది. మూలనుంచి మూలకి ఒక కర్ర కడితే ఇక వాలదు, ఎందుకంటే అక్కడ త్రికోణాలు ఏర్పడ్డాయి. మా గోడకి బయటి వరుసలో రెండు చివరి ఖాళీలకీ కిందినుంచి పైదాకా వేస్తే 12 పైపులు. మూలనుంచి మూలకి 9 అడుగుల 4 అంగుళాలు, కొసలతో 10 అడుగులు. అంటే 120. రెండు వరుసల మధ్య జత విడిచి జతకి, నాలుగు జతల్లో ఆరేసి చొప్పున 24 పైపులు, ఒక్కోటీ 8 అడుగులు. అంటే 192. కలిపి 312.

చివరిది గోడ కట్లు. పరంజా భవనం నుంచి బయటికి ఒరగకుండా కిటికీ చట్రం పక్కనో, గోడలోని బోల్టుకో బిగించే పైపులు. మట్టం విడిచి మట్టం, నిలువు విడిచి నిలువు వేస్తే 12 వస్తాయి. ఆరడుగుల చొప్పున 72.

మొత్తం పద్దు ఇలా తేలింది:

నిలువులు: 602
లెడ్జర్లు: 588
అడ్డపైపులు: 305
రెయిలింగ్: 208
ఏటవాలు పైపులు: 312
గోడ కట్లు: 72
కూడిక: 2,087 అడుగులు

ముక్కలు సరిగ్గా కుదరవు కాబట్టి నూటికి ఐదు కలుపుకుంటే సుమారు 2,200. అంటే 20 అడుగుల పైపులు 110. రెండోవారి లెక్క సరైనదే. గుర్తుంచుకోవడానికి ఒక తేలిక మార్గం: మా గోడ 40 × 45 = 1,800 చదరపు అడుగులు. చదరపు అడుగుకి పైపు 1.2 అడుగులు పడింది. ఇవే ఎడాలతో కట్టే రెండు వరుసల పరంజాకి అది ఒకటికంటే బాగా తగ్గితే ఏదో వదిలేశారని అర్థం. రెండు దాటితే కూడా కారణం అడగండి.

మొదటాయన్ని పిలిచి అడిగితే, "పెయింటింగే కదా సార్, ఏటవాలు పైపులు మామూలుగా వెయ్యం" అన్నారు. ఆయన మీద కోపం రాలేదు, కానీ భయం వేసింది. వదిలేసిన 897 అడుగులూ పనివాడి ప్రాణానికి సంబంధించినవే. మేము ఈ పద్దుని వర్క్ ఆర్డర్‌లో వరసగా రాసి, ఇదే జాబితాకి ఇద్దరినీ మళ్లీ ధర అడిగాం. రెండు కొటేషన్ల మధ్య తేడా చాలావరకు కరిగిపోయింది.

పైపు కాకుండా సరుగుడు బాదులతోనో, వెదురుతోనో కడితే ఈ లెక్కలో రెండు మార్పులు వస్తాయి. కర్రకి బలం తక్కువ కాబట్టి ఎడం తగ్గాలి. 5 అడుగులకొకటి వేస్తే 8 ఖాళీలు, వరుసకి 9 నిలువులు, మొత్తం 18. రెండో మార్పు జోడింపు. పైపుల్ని కొసకి కొస కలిపి బిగిస్తారు. కర్రల్ని మాత్రం పక్కపక్కన పెట్టి తాడుతో కట్టాలి. 20 అడుగుల బాదుకి 5 అడుగులు జోడింపులో పోతే మొదటి బాదు 20 అడుగులు ఎక్కుతుంది గాని, తరువాతి ప్రతి బాదూ 15 అడుగులే ఎక్కుతుంది. 43 అడుగులకి సూత్రం ఇది:

(43 − 5) ÷ (20 − 5) = 2.53, అంటే 3 బాదులు.

ఒక్కో నిలువుకి 60 అడుగుల కర్ర. 18 నిలువులకి 1,080 అడుగులు. పైపుతో 602 అయినచోట ఇంత. కర్ర అద్దె అడుగుకి తక్కువని సంతోషించేముందు ఈ అంకె చూసుకోవాలి. బాదు మొదలు కిందికి, సన్నటి కొస పైకి ఉండాలి. వాన పడితే కట్లన్నీ తిరిగి చూసి బిగించాకే మనిషి ఎక్కాలి.

సామాను దిగేటప్పుడు చూడవలసినవి మూడు. మొదటిది ముక్కల సైజులు. పక్కపక్క నిలువుల అతుకులు ఒకే ఎత్తులో రాకూడదు. కాబట్టి అన్నీ 20 అడుగులవే దిగితే మొత్తం అడుగులు సరిపోయినా పని సరిగ్గా కుదరదు. 10 అడుగులవి కూడా కలిపి తెమ్మనండి. రెండోది బరువు. పరంజా పైపు బయటి కొలత 48.3 మి.మీ., మందం 3.2 మి.మీ. ఉంటే 20 అడుగుల పైపు 21, 22 కిలోలు తూగుతుంది. అంతకంటే బాగా తేలికగా ఉంటే పలచటిదో, లోపల తుప్పు తిన్నదో అయ్యుంటుంది. మూడోది నేల. 2,200 అడుగుల పైపే దాదాపు 2,400 కిలోలు. మన ఫ్లాట్లలో నీళ్ల సంపు చాలాచోట్ల ముందువైపే ఉంటుంది. నిలువు పాదం సంపు మూత మీద పడితే ఆ నిలువుని జరపాల్సిందే. జరిపినందువల్ల ఖాళీ 7 అడుగులు దాటితే ఇంకో జత నిలువులు కలపాలి.

కట్టడం అయ్యాక వీధి అవతలికి వెళ్లి నిలబడి ఒకసారి చూడండి. నిలువు, అడ్డం గీతలే కనిపించి త్రికోణం ఒక్కటీ కనిపించకపోతే, ఆ రోజు ఎవరినీ ఎక్కనివ్వకండి.