మన్నిక, మారు ధర: ఉత్తరాంధ్ర రైతు కుటుంబాల దృష్టిలో ట్రాక్టరు నినాదాల చరిత్ర

ట్రాక్టరు ప్రకటనలు రైతు కుటుంబానికి చేసే వాగ్దానాలలో రెండు తరచుగా జంటగా కనిపిస్తాయి. బండి చాలాకాలం మన్నుతుందన్నది మొదటిది. అమ్ముకోవలసి వస్తే మంచి ధర పలుకుతుందన్నది రెండవది. పైకి ఇవి ఒకే గుణానికి రెండు పేర్లుగా తోస్తాయి. కాని మొదటిది తయారీదారు స్వయంగా నిలబెట్టుకోగల మాట. రెండవది ఏడెనిమిదేళ్ల తరువాత పాత బండిని కొనవచ్చే మరో రైతు నిలబెట్టవలసిన మాట. తన చేతిలో లేనిదానిని సంస్థ నినాదంగా ఎలా మలచుకోగలిగింది, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల రైతుకు ఆ మాట ఎందుకు అంత విలువైనది అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కొరత కాలంలో నినాదం

భారతదేశంలో ట్రాక్టరు తయారీ 1959లో ఫరీదాబాదులో ఐషర్ సంస్థతో మొదలైంది. 1960లో మద్రాసులో టాఫే ఏర్పడి మాసీ ఫెర్గూసన్ నమూనాలను చేపట్టింది. 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ భాగస్వామ్యంతో మహీంద్రా వారి ట్రాక్టరు సంస్థ ఏర్పడి, రెండేళ్లకు బి-275 నమూనాను విడుదల చేసింది. అయితే హరితవిప్లవం తొలినాళ్లలో గిరాకీకి తగిన ఉత్పత్తి లేదు. విదేశాల నుంచి దిగుమతైన బండ్లను రాష్ట్రాల వ్యవసాయ పరిశ్రమల సంస్థలు పంపిణీ చేసేవి. ట్రాక్టర్ల పంపిణీని, అమ్మకాన్ని నియంత్రిస్తూ 1971లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వు జారీ చేయవలసి వచ్చింది.

డబ్బు కట్టి వరుసలో వేచి ఉండవలసిన కాలంలో తిరిగి అమ్మితే వచ్చే ధర గురించి ఎవరూ గోడల మీద రాయనక్కరలేదు. కొరతే ఆ ధరను నిలిపేది. 1974లో స్వరాజ్ 724 రావడం, ఇతర తయారీదారుల ఉత్పత్తి పెరగడం వంటి పరిణామాలతో క్రమంగా ఎంపిక సాధ్యమైంది. ఎంపిక ఉన్న చోటనే ‘ఏది కొంటే రేపు నష్టపోము’ అన్న ప్రశ్న పుడుతుంది. మారు ధరను గురించిన నినాదానికి చారిత్రక భూమిక ఇదే: అది కొరత తగ్గి, వాడిన బండ్లకు విడిగా ఒక బజారు ఏర్పడిన తరువాతి మాట.

సంత నేర్పిన చూపు

ఆ ప్రశ్న ఉత్తరాంధ్ర రైతుకు కొత్తది కాదు. నారాయణవలస, మానాపురం వంటి పశువుల సంతలలో ఎడ్లను కొనేవాడు అమ్మకాన్ని కూడా మనసులో పెట్టుకునే కొనేవాడు. పళ్ళు చూసి వయసు కట్టడం, సుళ్ళు చూడడం, నాలుగడుగులు నడిపించి కాళ్ల పట్టు గమనించడం అతనికి తెలిసిన విద్య. రెండు పళ్ళ గిత్తను కొని, పనికి అలవాటు చేసి, కొన్నేళ్లు దున్నుకొని, సత్తువ తగ్గకముందే అమ్మి, ఆ సొమ్ముకు మరికొంత కలిపి మరో జతను తెచ్చుకోవడం సేద్యంలో భాగంగా ఉండేది. ట్రాక్టరును కూడా ఆ చూపే అందుకుంది. కొత్త బండి కోసం పాతదాన్ని మార్పిడికి ఇవ్వడం ఎడ్ల జత మార్చుకోవడానికి కొనసాగింపుగానే కనిపిస్తుంది.

పరిభాష మాత్రం అలా కొనసాగలేదు. తెలుగులో ‘మారుబేరం’ అన్న పాతమాట ఉంది. కొని తిరిగి అమ్మడం అన్న అర్థం అందులో స్పష్టంగానే ఉంది. అయినా ట్రాక్టరు ప్రకటనలు దానిని తీసుకోలేదు. ‘రీసేల్ వాల్యూ’ అన్నదానినే వాడుతున్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. మారుబేరం వ్యాపారి చేసే పని. ఒకచోట కొని మరొకచోట అమ్మి లాభం తీసే మధ్యవర్తి ఛాయ ఆ మాటను అంటుకొని ఉంది. రీసేల్ వాల్యూ వస్తువుకే చెందిన గుణంగా, సొంతదారు గౌరవంగా ధ్వనిస్తుంది. ‘మన్నిక’ విషయంలో ఇటువంటి ఇబ్బంది లేదు. బట్టకు, పాత్రకు, ఇంటి దూలానికి వాడిన ఆ మాట యంత్రానికి కూడా సహజంగా అతికింది.

పేరులో దాగిన వాగ్దానం

సంస్థలు ప్రతిసారీ పూర్తి వాక్యాలతోనే నినదించలేదు. నమూనా పేరునే పొట్టి నినాదంగా మలిచాయి. మాసీ ఫెర్గూసన్ 1035 పక్కన ‘మహాశక్తి’, మహీంద్రా బండ్ల మీద ‘భూమిపుత్ర’, ‘సర్పంచ్’ వంటి పేర్లు చేరాయి. ఇవి తెలుగు రైతుకు అనువాదం అక్కరలేని పదాలు. మొదటిది బలాన్ని, రెండవది నేలతో బంధాన్ని, మూడవది ఊళ్లో హోదాను చెబుతాయి. ఇటీవలి ‘టఫ్ హర్దమ్’, ‘మేరా స్వరాజ్’ వంటివి హిందీ ప్రాంతాలను దృష్టిలో పెట్టుకొని పుట్టినవి. ‘టఫ్’ దృఢత్వాన్ని సూటిగా చెబుతుంది. ‘మేరా’ సొంతదారు మమకారాన్ని పలుకుతుంది. అయితే పాత బండి బేరంలో ఈ మాటలేవీ వినబడవు. అక్కడ పలికేవి అంకెలు: ఏ నమూనా, ఏ సంవత్సరం, ఎన్ని గంటలు నడిచింది, ఎన్నో చెయ్యి.

దమ్ములో తేలే మన్నిక

నినాదంలోని మన్నిక స్థలం లేనిది. పొలంలోని మన్నిక స్థలాన్ని బట్టి మారుతుంది. వానమీద, చెరువుల మీద ఆధారపడిన వరి ఈ ప్రాంతంలో చాలా ఉంది. వాన పడి మడి నిండగానే ఊరంతటికీ ఒకేసారి దమ్ము కావాలి. ఉభాల సమయం కొద్ది వారాలే. ఆ రోజులలో బండి మూలపడితే సొంత పొలమే కాదు, అద్దె పని కూడా పోతుంది. కొద్ది ఎకరాలు గల ఇంటికి ట్రాక్టరు వాయిదా కట్టుకునే దారి ఆ అద్దె పనే. కనుక ఇక్కడ మన్నిక అంటే ఎన్నేళ్లు బతికిందన్నది మాత్రమే కాదు, ఆ కొద్ది వారాలలో ఆగకుండా పనిచేసిందా అన్నది.

దమ్ము చక్రాలతో బురదలో తిరిగిన బండికి దెబ్బ తగిలే చోట్లు వేరు. వెనుక ఇరుసు మీద భారం పెరుగుతుంది. ఇరుసు కొసలలోని ఆయిల్ సీళ్లు అరిగితే బురదనీరు లోపలికి చేరుతుంది. గేరు నూనె పాలలా తెల్లబారితే నీరు కలిసిందన్నమాట. అనుభవమున్న మెకానిక్ అందుకే కొత్తగా వేసిన రంగును చూడడు. బండిని చల్లగా ఉండగా స్టార్టు చేయిస్తాడు. నీలిపొగ వస్తే ఇంజను నూనె కాలుతోందని గ్రహిస్తాడు. నడుస్తున్న ఇంజను మీద నూనె పోసే మూత తీసి, అక్కడి నుంచి పొగ ఎంత బలంగా తన్నుతోందో చూసి పిస్టను రింగుల అరుగుదలను అంచనా కడతాడు. బరువైన పనిముట్టును హైడ్రాలిక్ మీద ఎత్తి ఇంజను ఆపుతాడు. అది త్వరగా కిందికి జారితే లిఫ్టులో లోపముంది. గంటల మీటరును మాత్రం పూర్తిగా నమ్మడు, దాని తీగను విప్పి నడిపి ఉండవచ్చు. సంతలో పళ్ళు చూసిన చూపుకు ఇది యంత్రరూపం.

మారు ధర లెక్క

ధరలో తేడా ఎంత ముఖ్యమో ఒక ఊహాత్మక లెక్కతో తేల్చవచ్చు. ఎనిమిది లక్షల చొప్పున రెండు వేర్వేరు బండ్లు కొన్నారనుకుందాం. ఏటా 600 గంటల చొప్పున ఏడేళ్లు నడిపాక ఒకటి నాలుగు లక్షలు, మరొకటి మూడు లక్షలు పలికాయనుకుందాం. తేడా లక్ష రూపాయలు. నడిచినది 4,200 గంటలు. అంటే గంటకు సుమారు 24 రూపాయలు. లీటరు డీజిలు వంద రూపాయలనుకుంటే ఇది పావు లీటరుకు సమానం. రెండవ బండి గంటకు పావు లీటరు ఆదా చేస్తే మారు ధరలోని లోటు తీరిపోయినట్లే.

లెక్క ఇలా ఉన్నా రైతు కుటుంబం మారు ధరకే ఎక్కువ బరువు ఇస్తుంది. అందులో అవివేకం లేదు. డీజిలు ఆదా రోజూ కొద్ది రూపాయలుగా వచ్చి రోజువారీ ఖర్చులలో కలిసిపోతుంది. మారు ధర ఒక్కసారిగా చేతికందుతుంది. అది అవసరమయ్యే సందర్భాలు కూడా అటువంటివే: ఇంట్లో పెళ్లి, ఆసుపత్రి ఖర్చు, 2014 నాటి హుద్‌హుద్ లేదా 2018 నాటి తిత్లీ వంటి తుపాను, కొడుకు సేద్యం వదిలి విశాఖకో హైదరాబాదుకో వెళ్లిపోవడం. భూమి అమ్మకుండా గడ్డుకాలం దాటించే ఆస్తి ట్రాక్టరు. ‘మంచి రీసేల్’ అన్న నినాదం తాకేది ఈ భయాన్నే.

అయితే ఆ సొమ్ము చేతికందడానికి కాగితాలు కూడా కలిసిరావాలి. అప్పు తీరినా ఆర్‌సీ నుంచి ఫైనాన్సు సంస్థ పేరు తొలగించే 35వ నంబరు ఫారం పూర్తికాకపోతే కొనేవాడు వెనుకాడతాడు. యాజమాన్య బదిలీకి 29, 30 నంబరు ఫారాలు కావాలి. ఇచ్ఛాపురం, సాలూరు వంటి సరిహద్దు ప్రాంతాల బండి ఒడిశాకు అమ్ముడైతే నిరభ్యంతర పత్రం కూడా అవసరం. సంతకాలు చేసి తాళం ఇచ్చి, బదిలీ చేయించకుండా వదిలేసిన అమ్మకం మరింత ప్రమాదకరం. తరువాత జరిగే ప్రమాదానికి రికార్డులో ఉన్న పాత సొంతదారే జవాబు చెప్పుకోవలసి రావచ్చు.

నినాదం ఎవరి మీద నిలుస్తుంది?

మన్నిక ఉంటే మారు ధర దానంతటదే ఉంటుందన్న భావన ఎంతవరకు నిజమో మూడు సంస్థల చరిత్ర చూపుతుంది. 2005లో ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారం టాఫే చేతికి వెళ్లింది. 2007లో స్వరాజ్ తయారీ సంస్థ పంజాబ్ ట్రాక్టర్స్‌ను మహీంద్రా సొంతం చేసుకుంది. రెండు సందర్భాలలోనూ యాజమాన్యం మారింది కాని పేరు, తయారీ కొనసాగాయి. జెకోస్లొవేకియా వారి జెటార్ పరిజ్ఞానంతో 1971లో పింజోర్‌లో మొదలైన హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల కథ వేరు. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ విభాగం మూసివేతను ఆమోదించింది. అంతకుముందే ఊళ్లలో తిరుగుతున్న హెచ్.ఎం.టి. బండి ఇనుము ఆ నిర్ణయంతో అరిగిపోలేదు. దాని మన్నిక నిన్న ఎంతో నేడూ అంతే. కాని కొనేవాడి మనసులో కొత్త ప్రశ్న చేరింది: రేపు గేరు పళ్ళు విరిగితే విడిభాగం ఎక్కడ దొరుకుతుంది? ఆ ప్రశ్నకు సమాధానం దూరమైన కొద్దీ బేరం తగ్గుతుంది.

దీనిని బట్టి మన్నిక యంత్రంలో ఉంటుందని, మారు ధర యంత్రం చుట్టూ ఉంటుందని తేలుతుంది. రాజాం, పాలకొండ, బొబ్బిలి, టెక్కలి వంటి పట్నాలలో విడిభాగాల దుకాణం, ఆ నమూనా చేయి తిరిగిన మెకానిక్, పాత బండికి అప్పు ఇచ్చే ఫైనాన్సు సంస్థ, అదే నమూనా నడుపుతున్న పొరుగు రైతులు కలిసి ఆ ధరను నిలబెడతారు. ఒక ప్రాంతంలో ఎక్కువగా అమ్ముడైన బండికి ఇవన్నీ సమకూరుతాయి. సమకూరినందువల్ల అది మరింతగా అమ్ముడవుతుంది. ఆ విధంగా గోడ మీది ‘మంచి రీసేల్’ అన్న మాట తనను తానే నిజం చేసుకుంటుంది. కొత్తగా వచ్చిన నమూనా ఎంత దృఢమైనదైనా తొలి కొనుగోలుదారులకు ఆ వాగ్దానం వర్తించకపోవడానికి కారణం కూడా ఇదే.

ఉత్తరాంధ్ర ట్రాక్టరు నినాదాలను సంస్థల వాక్చాతుర్యంగా మాత్రమే చదివితే వాటిలో సగమే కనిపిస్తుంది. మన్నిక అన్న సగాన్ని కర్మాగారం రాసింది. మారు ధర అన్న సగాన్ని ఆ బండ్లను దమ్ములో నడిపి, బాగుచేసుకొని, అవసరానికి అమ్ముకున్న రైతులు, మెకానిక్‌లు రాశారు. దాని మీద సంతకం మాత్రం సంస్థది.