తెలుగులో పి.హెచ్.క్యు-9: అనువాదం, సప్రమాణత, పరిశీలకుల మధ్య కప్పా

డిప్రెషన్‌ను పసిగట్టడానికి ప్రపంచమంతటా విరివిగా వాడే ప్రశ్నావళుల్లో పి.హెచ్.క్యు-9 ఒకటి. క్రోంకె, స్పిట్జర్, విలియమ్స్ అనే అమెరికన్ పరిశోధకులు దీని సప్రమాణతపై 2001లో వ్యాసం ప్రచురించారు. గత రెండు వారాల్లో తొమ్మిది లక్షణాలు ఎన్ని రోజులు బాధపెట్టాయో ఇది అడుగుతుంది. ఒక్కో లక్షణానికి 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. పదీ ఆపైన వస్తే డిప్రెషన్ ఉండవచ్చని భావిస్తారు. మానసిక ఆరోగ్య నిపుణులు విడిగా ఇంటర్వ్యూ చేసిన 580 మందిలో ఈ గీత దగ్గర సున్నితత్వం 88 శాతం, నిర్దిష్టత కూడా 88 శాతం వచ్చాయి. అంటే డిప్రెషన్ ఉన్న వందమందిలో 88 మందిని పట్టుకుంది. లేని వందమందిలో 88 మందిని లేదనే చెప్పింది.

ఈ ప్రశ్నావళి తెలుగులోకీ వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేపట్టిన స్మార్ట్ మెంటల్ హెల్త్ కార్యక్రమంలో ఆశా కార్యకర్తలు టాబ్లెట్ చేతబట్టి ఈ ప్రశ్నలు అడిగారు. అయితే అమెరికాలో వచ్చిన 88 అనే అంకె తెలుగు ప్రశ్నలకు వారసత్వంగా రాదు. భాష మారింది, అడిగే పద్ధతి మారింది, జవాబిచ్చే మనుషులు మారారు. కాబట్టి కొత్తగా నిరూపించుకోవాలి. ఆ నిరూపణలో అందరూ ప్రశ్నావళిని తరచి చూస్తారు గాని, దాన్ని తూచే ఇంటర్వ్యూను ఎవరూ అంతగా పట్టించుకోరు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ ఇంటర్వ్యూ గురించే.

తిరుగు అనువాదం ఎందుకు చాలదు

ప్రశ్నావళిని మరో సంస్కృతికి మలచడానికి స్థిరపడ్డ పద్ధతి ఒకటుంది. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. రెండింటినీ కలిపి ఒక పాఠం తయారుచేస్తారు. మూలం చూడనివాళ్లు దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పుతారు. నిపుణుల సంఘం తేడాలు పరిష్కరిస్తుంది. తర్వాత కొద్దిమందిని కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్న విన్నాక ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకుంటారు. తిరుగు అనువాద పద్ధతికి ప్రాచుర్యం తెచ్చినది 1970లో బ్రిస్లిన్ రాసిన వ్యాసం.

తెలుగులో ఈ తిరుగు అనువాదానికి ఒక ప్రత్యేకమైన బలహీనత ఉంది. గ్రాంథికమైన మాట ఎంత ఎక్కువ వాడితే పరీక్ష అంత బాగా నెగ్గుతుంది. ‘ఆసక్తి’, ‘నిస్పృహ’, ‘ఏకాగ్రత’ వంటి మాటలు నిఘంటువులో ఇంగ్లీషు మాటలతో ఒకటికి ఒకటి జతకట్టి ఉన్నాయి కాబట్టి చెక్కుచెదరకుండా వెనక్కి వస్తాయి. ‘దిగులు’, ‘బెంగ’, ‘ఏమీ తోచకపోవడం’ అని రాస్తే తిప్పేటప్పుడు కొంత చెదురుతాయి, సంఘం దాన్ని లోపంగా చూస్తుంది. చివరికి విద్యావంతులకు మాత్రమే అందే పాఠం ఆమోదముద్ర వేయించుకుంటుంది. చదువురాని రైతుకూలీ మహిళకు ఆశా కార్యకర్త అదే పాఠాన్ని చదివి వినిపిస్తే ఆమె మర్యాదకు తలూపుతుంది.

మొదటి ప్రశ్ననే చూద్దాం. పనుల మీద ఆసక్తి గాని, వాటివల్ల సంతోషం గాని తగ్గాయా అని అది అడుగుతుంది. దీనికి పల్లెలో రాదగిన సహజమైన జవాబు, “ఇష్టం ఏముందమ్మా, చెయ్యాల్సిన పని చెయ్యక తప్పుద్దా?” అన్నది. ఈ జవాబుకు సున్నా వేయాలా, మూడు వేయాలా? ఏడో ప్రశ్నలో మనసు నిలపలేకపోవడానికి ఉదాహరణలుగా పత్రిక చదవడం, టీవీ చూడడం ఉన్నాయి; చదువురాని మనిషికి వంట మధ్యలో ఉప్పు వేశానో లేదో మరిచిపోవడం, డబ్బు లెక్కపెడుతూ తప్పడం దగ్గరగా ఉంటాయి. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనను, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచనను ఒకే వాక్యంలో కలిపేసింది. ‘చచ్చిపోతే పీడా పోతుంది’ అని విసుగులో అనడం మన ఇళ్లలో మామూలే. అందుకే తెలుగులో ఆ ప్రశ్నకు ‘అవును’ వచ్చినప్పుడు, అది విసుగా, కోరికా, ప్రయత్నం దాకా వెళ్లిందా అన్నది వెంటనే మరో రెండు ప్రశ్నలతో తేల్చుకోవాలి. మొత్తం మార్కులు ఎంత తక్కువగా ఉన్నా దీన్ని వదిలేయకూడదు.

విశ్వసనీయత ఎక్కువగా కనిపించే చోటు

అనువాదం ముగిశాక చాలా వ్యాసాలు క్రోన్‌బాక్ ఆల్ఫా లెక్కగట్టి, 0.8 పైన వచ్చిందని సంతృప్తిపడతాయి. ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో ఆల్ఫా చెబుతుంది. అవి డిప్రెషన్‌నే కొలుస్తున్నాయని చెప్పదు. పరిచయమున్న కార్యకర్త ఎదురుగా కూర్చుని అడుగుతున్నప్పుడు కొందరు ప్రతిదానికీ అవునంటారు, కొందరు గుట్టు బయటపడకూడదని ప్రతిదానికీ లేదంటారు. ఈ రెండు రకాల జవాబులూ ఆల్ఫాను పెంచుతాయి. రక్తహీనత, పొలంపని అలసట ఉన్నచోట నిద్ర, నీరసం, ఆకలి ప్రశ్నలు మూడూ కలిసి పెరుగుతాయి; దానివల్లా ఆల్ఫా బాగుంటుంది. కాబట్టి ఆల్ఫా తక్కువైతే ఏదో తేడా ఉందని నమ్మవచ్చు, ఎక్కువైనంత మాత్రాన అంతా బాగుందని నమ్మకూడదు.

తూచేవాళ్ల మధ్య పొత్తు

సప్రమాణత తేల్చాలంటే ప్రశ్నావళి ఫలితాన్ని మానసిక వైద్యుల ఇంటర్వ్యూతో పోల్చాలి. అలాంటి వైద్యులు ఇద్దరు ఒకే మనిషిని చూస్తే ఒకే మాట చెబుతారా? దీన్ని కొలవడానికి జేకబ్ కోహెన్ 1960లో కప్పాను ప్రతిపాదించాడు. ఇద్దరూ గుడ్డిగా చెప్పినా కొన్నిసార్లు కాకతాళీయంగా కలుస్తారు. ఆ భాగాన్ని తీసేసి, మిగిలిన అవకాశంలో నిజంగా ఎంత కలిశారన్నదే కప్పా.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. మానసిక వైద్య ఓపీకి వచ్చిన 100 మందిని ఇద్దరు వైద్యులు విడివిడిగా చూశారు. 20 మందికి డిప్రెషన్ ఉందని ఇద్దరూ చెప్పారు. 68 మందికి లేదని ఇద్దరూ చెప్పారు. అయిదుగురికి మొదటివారు మాత్రమే, ఏడుగురికి రెండోవారు మాత్రమే ఉందన్నారు. మొత్తం మీద 88 మంది విషయంలో ఏకాభిప్రాయం. మొదటివారు 25 మందికి, రెండోవారు 27 మందికి ఉందన్నారు గనుక, కాకతాళీయంగా కలిసే వంతు 0.25 × 0.27, దానికి 0.75 × 0.73 కలిపితే 0.615.

κ = (0.88 − 0.615) / (1 − 0.615) = 0.69

ఇప్పుడు అదే ఇద్దరు వైద్యులు ఒక ఊళ్లో ఇంటింటికీ వెళ్లి 100 మందిని చూశారనుకుందాం. ఉందని ఇద్దరూ చెప్పినవాళ్లు ఇద్దరే. లేదని ఇద్దరూ చెప్పినవాళ్లు 86 మంది. తేడా వచ్చినవాళ్లు మళ్లీ అయిదుగురు, ఏడుగురు. ఏకాభిప్రాయం అదే 88 శాతం. కాని కాకతాళీయ వంతు 0.8526కు పెరిగింది.

κ = (0.88 − 0.8526) / (1 − 0.8526) = 0.19

లాండిస్, కాక్ 1977లో ఇచ్చిన శ్రేణుల ప్రకారం మొదటిది గణనీయమైన అంగీకారం, రెండోది స్వల్పం. జబ్బు అరుదైనచోట కప్పా ఇలా పడిపోవడాన్ని ఫెయిన్‌స్టీన్, చిక్కెట్టి 1990లో ఒక వైపరీత్యంగా చర్చించారు. దీన్ని సాకుగా తీసుకుని కప్పాను కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఊళ్లో ఇద్దరు వైద్యులూ కలిపి 14 మందిని అనుమానించి, వాళ్లలో ఇద్దరి విషయంలోనే ఏకీభవించారంటే, అలాంటి నిర్ణయాన్ని తూకపురాయిగా పెట్టుకోలేమని 0.19 సరిగ్గానే చెబుతోంది. 88 శాతం అన్న అంకెలోని బలమంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల దగ్గరినుంచి వచ్చింది.

ఇంటర్వ్యూ ఎలా జరిగిందన్నదీ కప్పాను మారుస్తుంది. ఒకరు అడుగుతుంటే మరొకరు పక్కన కూర్చుని మార్కులు వేస్తే, ఇద్దరూ విన్నది ఒకే జవాబు కాబట్టి పొత్తు సులువుగా కుదురుతుంది. వేర్వేరు సమయాల్లో విడిగా అడిగితేనే అసలు పరీక్ష. డి.ఎస్.ఎం-5 క్షేత్ర పరీక్షల్లో వేర్వేరు వైద్యులు ఇలా విడిగా చూసినప్పుడు పెద్దవారిలో తీవ్ర డిప్రెషన్ రుగ్మతకు కప్పా 0.28 మాత్రమే వచ్చింది. అదే పరీక్షల్లో పి.టి.ఎస్.డి.కి 0.67 వచ్చింది. శిక్షణ పొందిన వైద్యులు, తమ సొంత భాషలో, తమ ఆసుపత్రుల్లో సాధించినది అది. తెలుగు అధ్యయనంలో ఇద్దరు వైద్యుల మధ్య 0.9 కనిపిస్తే సంతోషించే ముందు, వాళ్లు ఒకే గదిలో ఉన్నారా అని అడగాలి.

ఇద్దరూ కలిసి తప్పితే

వైద్యుల నిర్ణయం అస్థిరంగా ఉండి, ఆ తప్పులు ప్రశ్నావళి తప్పులతో సంబంధం లేనివైతే, ప్రశ్నావళి ఉన్నదానికన్నా అధ్వానంగా కనిపిస్తుంది. అది నష్టమే గాని ప్రమాదం కాదు. అసలు ప్రమాదం రెండూ ఒకేచోట తప్పినప్పుడు. ప్రశ్నావళిలో ‘ఆసక్తి తగ్గిందా’ అని ఉంది, ఇంటర్వ్యూలోనూ అదే మాట. దిగులును గుండెదడగా, తలబరువుగా, ఒళ్లునొప్పులుగా చెప్పుకునే మహిళను రెండూ వదిలేస్తాయి. లెక్కలో ఆమె ‘డిప్రెషన్ లేనివాళ్ల’ గడిలో చేరుతుంది, సున్నితత్వం చెక్కుచెదరదు. పైగా ప్రశ్నావళిని జాగ్రత్తగా అనువదించి, ఇంటర్వ్యూ పాఠాన్ని మాత్రం వైద్యుడు అప్పటికప్పుడు నోటితో తెలుగు చేసేయడానికి ఆస్కారం ఎప్పుడూ ఉంటుంది. అలా చేస్తే ఒక్కో రోగిని ఒక్కో ప్రశ్న అడిగినట్టే. వైద్యుడికి ప్రశ్నావళి మార్కులు ముందే తెలిస్తే ఆ పోలికకు విలువే లేదు.

ఈ చిక్కును మొదటినుంచీ వేరేవిధంగా ఎదుర్కొన్న ఉదాహరణ జింబాబ్వేలో ఉంది. విక్రమ్ పటేల్, ఆయన సహచరులు 1990లలో అక్కడ షోనా భాషలో జనం తమ బాధను ఎలా చెప్పుకుంటున్నారో సేకరించి, అందులోంచే 14 ప్రశ్నల షోనా సింప్టమ్ క్వశ్చనేర్‌ను నిర్మించారు. అతిగా ఆలోచించడం అనే అర్థంలో అక్కడివాళ్లు వాడే ‘కుఫుంగిసిస’ అందులో చోటు సంపాదించింది. తెలుగులో పి.హెచ్.క్యు-9ను వదిలేయాలని నేననను. ఇతర దేశాలతో పోల్చుకోవడానికి అది అవసరం. కాని మన మాటల్లో రాసిన కొన్ని ప్రశ్నలను దానికి చేర్చి, ఒకే మనుషుల మీద రెండింటినీ పరీక్షిస్తే, ఇప్పుడు ఏ గడిలోనూ కనపడనివాళ్లు ఎందరో తెలుస్తుంది.

ఊళ్లలో వాడేటప్పుడు మరో లెక్క కూడా చూడాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దవారిలో ప్రస్తుత డిప్రెషన్ 2.7 శాతమని చెప్పింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గాని తెలంగాణ గాని లేవు. అయినా ఆ అంకెనే తీసుకుని, ప్రశ్నావళి అమెరికాలో చూపిన 88 శాతాలు రెండూ ఇక్కడా నిలిచాయనుకుందాం. వెయ్యిమందిలో 27 మందికి జబ్బు ఉంటే 24 మంది దొరుకుతారు. జబ్బు లేని 973 మందిలో 117 మంది కూడా పది మార్కులు దాటుతారు. పి.హెచ్.సి.కి పంపిన 141 మందిలో నిజమైన రోగులు ఆరుగురికి ఒకరు. ఆసుపత్రిలో స్థిరపరచిన గీతను ఊళ్లోకి యథాతథంగా తీసుకెళ్తే జరిగేది ఇదే.

కాబట్టి తెలుగు ప్రశ్నావళిపై వ్యాసం ప్రచురించేవారికి నా విన్నపం ఇది. కప్పా ఒక్క అంకెను ఇచ్చి ఊరుకోకుండా, ఆ నాలుగు గడుల పట్టికను పూర్తిగా అచ్చువేయండి. ఆ మనుషులు ఓపీ నుంచి వచ్చారా, ఊరినుంచి వచ్చారా చెప్పండి. ఇంటర్వ్యూలో అడిగిన తెలుగు ప్రశ్నలను అనుబంధంగా జతచేయండి. పత్రికల సంపాదకులు ఈ మూడూ లేని వ్యాసాన్ని తిప్పి పంపాలి.