కాళ్ల పసుపు

రా నాన్నా, ఇలా కుంపటి దగ్గరకి జరిగి కూర్చో. ఆ ఫోను పక్కన పెట్టు, ఎక్కడికీ పోదు. యుద్ధం నాటి కబుర్లు చెప్పమన్నావు కదూ. ఫిరంగులు, విమానాలు అంటే నాకు తెలియవు. ఇంట్లో కూర్చున్నవాళ్ల యుద్ధం మాత్రం చెప్పగలను. అదీ నేను చూసింది కాదు, బర్మింగ్‌హామ్‌లో మా ఇంటావిడ చెప్పగా విన్నది.

1967లో మీ తాతయ్యతో ఆ ఊరు వెళ్లాను. కింద ఇంటావిడ, పైన రెండు గదుల్లో మేము. శ్రావణ శుక్రవారం వచ్చింది. కాకినాడ నుంచి మా అమ్మ మూటకట్టి ఇచ్చిన పసుపు ఉంది కదా అని కాళ్లకు రాసుకుని మెట్లు దిగుతున్నాను. ఆవిడ నా పాదాలు చూసి చేతిలో గిన్నె అక్కడే పెట్టేసింది. "ఏ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నావమ్మా?" అని అడిగింది. నాకేం అర్థమవుతుంది? పండగ అని చెప్పాను. అప్పుడు నవ్వి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తన కథ చెప్పింది.

1941 డిసెంబరులో ఆ దేశంలో ఒక చట్టం వచ్చింది. ఇరవై నుంచి ముప్ఫై ఏళ్ల లోపు పెళ్లికాని ఆడపిల్లలు దేశం పనికి రావాల్సిందే. సైన్యంలో ఆడవాళ్ల దళంలోనో, ఊళ్లో బాంబులు పడితే ఆదుకునే దళంలోనో, ఫ్యాక్టరీలోనో, ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. మా ఇంటావిడకి అప్పటికి ఇరవై ఒకటి. ఫ్యాక్టరీ అంది. తీసుకెళ్లి ఫిరంగి గుండ్లలో మందు కూరే చోట పడేశారు. ఊరికి దూరంగా, విడివిడిగా కట్టిన చిన్న చిన్న షెడ్లట. ఒకటి పేలినా పక్కది మిగలాలని అలా కట్టారు.

లోపలికి వెళ్లే తంతు విన్నావంటే మన మడి గుర్తొస్తుంది నీకు. గది మధ్యలో అడ్డంగా ఒక పలక. అటువైపు మైల, ఇటువైపు శుభ్రం. మైల వైపు సొంత బట్టలు, బూట్లు విప్పేసి, పలక దాటి అవతల ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన బట్టలు, మేకుల్లేని చెప్పులు వేసుకోవాలి. తలపిన్ను పనికిరాదు, అగ్గిపుల్ల పనికిరాదు. పెళ్లి ఉంగరం తీయనన్నవాళ్లకి దాని మీద గుడ్డపట్టీ చుట్టేవారు. ఇనుము ఇనుముకి తగిలి రవ్వ లేస్తే చాలు కదా. తలపిన్ను తీయడం మర్చిపోయినందుకే ఒక పిల్లని కోర్టుకి లాగారని చెప్పేటప్పుడు ఆవిడ గొంతు తగ్గింది.

ఆ మందుపొడే పసుపు రంగు. నెల తిరిగేసరికి చేతులు, మొహం, మెడ పచ్చబడిపోయేవట. టోపీలోంచి బయటకొచ్చిన ముంగురులు ఎర్రబడేవి. దిండుగలీబు కూడా పసుపే. అంతకుముందు యుద్ధంలో ఈ పని చేసిన ఆడవాళ్లని కేనరీ పిట్టలనేవారట, ఆ పేరే వీళ్లకీ అంటుకుంది. బస్సులో పక్క సీట్లో ఎవరూ కూర్చునేవారు కాదని చెప్పింది. మనకి పసుపు శుభం, చూశావా. నా కాళ్లు చూసి ఆవిడకి మాత్రం భయం వేసింది.

ఆ రోజుల్లోనే గోడల మీద ఒక బొమ్మ ఉండేది. ఫిలిప్ జెక్ అనే ఆయన వేశాడు. ఒక ఆడమనిషి రెండు చేతులూ పైకి చాచి నిలబడి ఉంటుంది, వెనక ఫ్యాక్టరీ, నెత్తిన బారులు తీరిన విమానాలు. ఫ్యాక్టరీలకు రండమ్మా అని పిలుపు. "ఆ బొమ్మలో పిల్ల మొహం తెల్లగా మెరుస్తూ ఉండేది" అంది ఆవిడ. అంతకుమించి ఏమీ అనలేదు.

తిండి మాటకి వస్తాను. ఆగు, ముందు కుంపట్లో రెండు బొగ్గులు వెయ్యి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అంటాం కదా. ఆ సామెత అక్కడ చెల్లకుండా చెయ్యాలని చూశారు. 1940 జనవరి 8న ఉప్పులో ఊరవేసిన పంది మాంసం, వెన్న, పంచదారలతో రేషను మొదలైంది. ఆ జులైలో టీపొడి వచ్చి చేరింది. ప్రతి మనిషికీ ఒక పుస్తకం. ఊళ్లో నీకు నచ్చిన కొట్టు ఒకటి ఎంచుకుని అక్కడ పేరు రాయించుకోవాలి, మరో కొట్టుకి వెళ్లడానికి లేదు. కొట్టువాడికి ఎందరి పేర్లుంటే అందరికి సరిపడా సరుకే పైనుంచి వస్తుంది. అందుకని ముందు వెళ్లినా వెనక వెళ్లినా నీ వాటా నీకుంటుంది. వారానికి మనిషికి టీపొడి రెండు ఔన్సులు, అంటే మన లెక్కలో అయిదు తులాలు కూడా నిండదు. వెన్నా అంతే. పంచదార పావుకిలోకి కాస్త తక్కువ. ఈ కొలతలు అప్పుడప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఉండేవి. మాంసం మాత్రం తూకం మీద కాదు, ధర మీద ఇచ్చేవారు. చాలాకాలం వారానికి ఒక షిల్లింగు రెండు పెన్నీల లెక్క. మంచి ముక్క కావాలంటే కొంచెమే వస్తుంది, చవక ముక్కైతే కుటుంబానికి రెండు పూటలు సరిపోతుంది. మనలాంటి శాకాహారులు ఆ మాంసం వాటా వదులుకుంటే బదులు చీజ్ ఎక్కువ ఇచ్చేవారు. అది విని మీ తాతయ్య ఎంత సంతోషించారో!

వాళ్లింట్లో అమ్మ, నాన్న, ఈ పిల్ల, ముగ్గురు. వెన్న ఇంటికి రాగానే వాళ్లమ్మ కత్తితో మూడు వాటాలు కోసి, మూడు చిన్న గిన్నెల్లో పెట్టి, ఎవరి పేరు వాళ్ల గిన్నె మీద అంటించేదట. నాన్న గురువారానికే ఖాళీ చేసేవాడు. అమ్మ గిన్నె ఆదివారం దాకా ఉండేది, ఆదివారం అది నాన్న రొట్టె మీదకే వెళ్లేది. ఆడవాళ్ల గిన్నె ఏ దేశంలోనైనా అంతే కదా నాన్నా.

తర్వాత ఈ పిల్ల హాస్టలుకి వెళ్లింది. పుస్తకం కూడా ఆమె వెంటే వెళ్లింది. ఇంట్లో మూడో గిన్నె లేదు. అక్కడ ఫ్యాక్టరీ క్యాంటీను భోజనానికి మాత్రం కూపన్లు అడిగేవారు కాదు. హోటళ్లకీ అంతే. అదే జనానికి కడుపుమంట. డబ్బున్నవాడు కూపను చింపకుండా హోటల్లో కడుపునిండా తింటాడు, మేమిక్కడ తూకాలు చూసుకుంటున్నాం అని. ఆ గోల పెరిగి 1942లో హోటల్లో ఒక పూట భోజనానికి అయిదు షిల్లింగులకి మించకూడదని కట్టడి చేశారు. బల్ల కింద సరుకు, దొంగబజారు లేకపోలేదు. కానీ రాజుగారికీ పుస్తకం ఉంది అన్నమాట జనం నోట్లో ఉండేది. ఆ ఒక్క మాటతో వాళ్లమ్మ క్యూలో రెండు గంటలు నిలబడేదట.

క్యూ దేనికంటావా? రేషనులో లేని వాటికి. చేపలకి, ఉల్లిపాయలకి. ఉల్లిపాయలు చాలామటుకు ఫ్రాన్సు వైపు నుంచి వచ్చేవి, 1940లో అటు దారి మూసుకుపోయింది. ఉల్లిపాయని లాటరీలో బహుమతిగా పెట్టారంటే నమ్ముతావా?

మనకీ అలాగే జరిగింది. 1942లో బర్మా జపాను చేతికి పోయాక రంగూను బియ్యం ఆగిపోయింది. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖ మీద, మన కాకినాడ మీద బాంబులు పడ్డాయి. నేను కడుపులో ఉండగా మా అమ్మ బండి కట్టించుకుని పల్లెకి పోయింది. మరుసటి ఏడు బెంగాల్లో జనం ఆకలికి లక్షల్లో పోయారు. అక్కడ మనిషి మనిషికీ వాటా లెక్కగట్టిన సర్కారే ఇక్కడా ఏలింది. ఆ లెక్క తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. సరే, ఆ కథ ఇంకో రాత్రికి. దారి తప్పాను.

ప్రచారం అంటున్నావు కదా, అది చెప్తాను. యుద్ధం మొదలైన కొత్తలో 1939లో సర్కారు ఎర్రటి కాగితం మీద పైన కిరీటం వేసి గోడలనిండా అతికించింది. మీ ధైర్యం, మీ ఉల్లాసం, మీ పట్టుదల విజయం తెచ్చిపెడతాయి అని. ఎవరికి తెచ్చిపెడతాయి? ఇంగ్లీషులో అక్కడ ఉన్న మాట 'అస్'. మనకి అనీ చెప్పుకోవచ్చు, మాకు అనీ చెప్పుకోవచ్చు. వాళ్ల భాషలో రెండూ ఒకటే. కానీ ముందు మూడుసార్లు 'మీ, మీ, మీ' అన్నాక జనం చెవికి అది 'మాకు' అనే పడింది. కష్టం మీది, గెలుపు మాది అన్నట్టు. జనానికి అది గుచ్చుకుంది. మా భాషలో దీనికి రెండు వేరే మాటలున్నాయండీ, మనం, మేము అని నేను చెబితే ఆవిడ చప్పట్లు కొట్టింది. "మా అమ్మ సరిగ్గా ఇదే అంది, పాపం ఆవిడకి మాట దొరకలేదు!" అని.

ఆ వరసలోదే నీ టీ కప్పు మీద ఉన్న రాత కూడా. కీప్ కామ్ అని. పాతిక లక్షల దాకా అచ్చేసి, దేశానికి పెద్ద ఆపద వస్తే అతికిద్దామని దాచారు. దాదాపు ఎక్కడా అతికించలేదు, చాలావాటిని తర్వాత నలిపి కాగితం చేసేసుకున్నారు. ఇంటావిడ దాన్ని చూడనే లేదు. నువ్వు మాత్రం రోజూ చూస్తున్నావు.

జనానికి నచ్చినవి వేరే. గోడలకు చెవులుంటాయని మనమూ అంటాం కదా. ఫుగాస్ అనే బొమ్మలాయన నిజంగానే గోడకాగితం నిండా హిట్లరు మొహాలు వేశాడు. ఇంకోదాంట్లో బస్సులో ఇద్దరు ఆడవాళ్లు కబుర్లాడుకుంటుంటే వెనక సీట్లో హిట్లరూ, గోరింగూ కూర్చుని వింటుంటారు. నవ్వొస్తుంది, నవ్వితే గుర్తుంటుంది. కేరట్ తింటే చీకట్లో కళ్లు కనిపిస్తాయన్న మాటా అప్పుడే ఊరూరా పాకింది. కనింగ్‌హామ్ అనే పైలటు రాత్రిళ్లు శత్రు విమానాలు కూల్చేది కేరట్ల వల్లనే అని పత్రికలు రాశాయి. అసలు సంగతి విమానంలో దాచిన రాడారు. దేశంలో కేరట్లు మిగిలిపోయి ఉన్నాయి, ఆ కథ ఎవరూ ఆపలేదు. దీపాల్లేని వీధుల్లో నడవడానికి ఈ పిల్ల పచ్చి కేరట్లు నమిలి నమిలి, చివరికి దీపస్తంభానికి గుద్దుకుని పన్ను విరగ్గొట్టుకుంది. తిండిలో లోపం ఉన్నవాళ్లకి కేరట్ మేలు చేస్తుంది, సరిగ్గా తినేవాళ్లకి పిల్లికళ్లు రావు.

మరి ఫ్యాక్టరీలో 'మనం' ఎంతవరకు? పక్క బెంచీ మీద అదే పని చేసే మగాడికి వచ్చే జీతం ఆమెకి రాలేదు. మగవాడి పని పూర్తిగా నేర్చి, ఎవరి సాయం లేకుండా చేస్తే 32 వారాల తర్వాత సమానం ఇవ్వాలని 1940లోనే ఒప్పందం ఉంది. యంత్రం సర్దడానికి ఒక మగాడిని పిలిస్తే చాలు, అదుగో సాయం తీసుకున్నావు అనేవారు. బాంబు పడి గాయమైతే ఇచ్చే పరిహారంలో కూడా ఆడదానికి తక్కువే. బాంబు ఆడా మగా అని చూసి పడుతుందా? పార్లమెంటులో మేవిస్ టేట్ లాంటి ఆడసభ్యులు పోట్లాడితే ఆ పరిహారం మాత్రం 1943లో సమానమైంది. జీతం కాలేదు. యుద్ధం అయిపోయాక ఇంటికి వెళ్లమన్నారు, అంతే. పసుపు వదలడానికి కొన్ని నెలలు పట్టిందట.

యుద్ధం 1945లో ముగిసినా రేషను ముగియలేదు. యుద్ధంలో లేని రొట్టె రేషను 1946లో వచ్చింది. చివరగా మాంసం మీద కట్టడి 1954 జులైలో పోయింది. పద్నాలుగేళ్లు, చూసుకో.

అది పోయి పదమూడేళ్లయ్యాక నేను ఆ వంటింట్లో ఉన్నాను. ఆ శుక్రవారం కథంతా అయ్యాక టీ నేను పెడతానని లేచాను. మనిషికో చెంచా, పైన టీపాట్‌కి ఒక చెంచా అని వాళ్ల పాత అలవాటు, అది నాకు ఎవరో చెప్పి ఉన్నారు. మూడో చెంచా వేశాను. ఆవిడ ఏమీ అనలేదు. లేచి వచ్చి, ఇంకా నీళ్లు పోయని టీపాట్‌లోంచి ఆ చెంచాడు పొడిని జాగ్రత్తగా తీసి, అంచులకి అంటుకున్నది వేలితో రాల్చి, డబ్బాలో వేసి మూత బిగించింది.