పచ్చ చుక్క లేని ప్యాకెట్‌లో ఏముందో ఎలా తెలుసుకోవాలి?

చండ్రుగొండ: గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చినవాళ్ల సూట్‌కేసులో చాక్లెట్లు, రంగురంగుల జెల్లీలు ఉండటం మామూలే. వాటిలో కొన్ని ఇరుగుపొరుగుకూ వెళ్తాయి. మాంసం, గుడ్డు ముట్టని పక్కింటి వాళ్లకు ఆ జెల్లీ ప్యాకెట్ ఇవ్వొచ్చా? దాని మీద 'హలాల్' ముద్ర ఉంటుంది కానీ మన పచ్చ చుక్క ఉండదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. హలాల్ ముద్ర ఉందంటే అది శాకాహారం అని కాదు. హలాల్ పద్ధతిలో కోసిన పశువు నుంచి తీసిన జిలాటిన్ కూడా హలాలే.

జిలాటిన్ అంటే పశువుల చర్మం, ఎముకలను ఉడికించి తీసే పదార్థం. జెల్లీ నోట్లో సాగడానికి, మార్ష్‌మెల్లో మెత్తగా ఉండటానికి దాన్నే వాడతారు. అలాంటి ప్యాకెట్‌ను వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చూస్తే గ్లూకోజ్ సిరప్, చక్కెర తర్వాత 'జిలాటిన్' లేదా 'బోవైన్ జిలాటిన్' అని ఉండొచ్చు. బోవైన్ అంటే ఆవు, ఎద్దు జాతి. అరబిక్‌లో అయితే 'జిలాటీన్ బఖరీ' అని రాస్తారు. ఉర్దూ తెలిసినవాళ్లు దాన్ని 'బక్రీ' అని చదివి మేక అనుకునే ప్రమాదం ఉంది. అది మేక కాదు, సూరె బఖరాలోని 'బఖరా', అంటే ఆవు. కొన్నిసార్లు పేరుకు బదులు 428 లేదా 441 అనే నంబరే ఉంటుంది. పక్కనే ఉండే 440 మాత్రం పెక్టిన్, అది పండ్ల నుంచి వచ్చేది. 406 అగర్, సముద్రపు నాచు నుంచి తీస్తారు. ఈ రెండూ శాకాహారమే. ఒక్క అంకె తేడాతో అర్థం మారిపోతుంది కాబట్టి నంబరు రెండుసార్లు చూడాలి.

అదే జాబితా చివర్లో ఎరుపు రంగు కోసం 120 అని ఉంటే అది కార్మైన్, పురుగుల నుంచి తీసే రంగు. మెరుపు కోసం 904 అని ఉంటే అది షెల్లాక్, అంటే మన లక్క. హైదరాబాద్ లాడ్ బజార్ గాజులకు వాడే లక్కే, శుద్ధి చేస్తే మిఠాయి మీద పూతగా వస్తుంది. లక్క పురుగు చెట్ల కొమ్మల మీద కారేసే బంక అది.

మన దేశంలో అమ్మే ప్యాకెట్ల సంగతి కొంచెం సులువు. పచ్చ గడిలో పచ్చ చుక్క ఉంటే శాకాహారం. గోధుమ రంగు గడిలో అదే రంగు త్రిభుజం ఉంటే మాంసాహారం, పాత ప్యాకెట్లలో త్రిభుజం బదులు గుండ్రటి చుక్క ఉండేది. జిలాటిన్ కలిస్తే పచ్చ చుక్క వేయకూడదు. కానీ 2020 నాటి లేబులింగ్ నిబంధనల్లో పాలు, తేనె, తేనెమైనం, షెల్లాక్‌లను మాంసాహారం లెక్కలోంచి తీసేశారు. అంటే లక్క పూత ఉన్న మిఠాయికీ పచ్చ చుక్క ఉండొచ్చు. పురుగుల ఉత్పత్తి కూడా వద్దనుకునేవాళ్లు 901 (తేనెమైనం), 904 నంబర్లను చూసుకోవాల్సిందే.

చిప్స్, నూడుల్స్ మసాలాలో కనిపించే 631 ఇంకో చిక్కు. ఇది చేప లేదా మాంసం నుంచి రావొచ్చు, పిండిపదార్థాలను పులియబెట్టి కూడా చేస్తారు. నంబరు చూసి ఏదో చెప్పలేం. ఢిల్లీ హైకోర్టు 2021 డిసెంబరులో దీన్నే ఉదాహరణగా తీసుకుని, కోడ్ రాస్తే చాలదని, ఆ పదార్థం మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచా, ల్యాబ్‌లో చేసిందా కూడా చెప్పాలని ఆదేశించింది. పచ్చ చుక్క ఉన్న ప్యాకెట్‌లో 631 కనిపిస్తే అది జంతువుది కాదని కంపెనీ మాట ఇస్తున్నట్టే. గుర్తు లేని ప్యాకెట్‌లో ఉంటే పక్కన పెట్టడమే మంచిది.

చీజ్ విషయంలో చూడాల్సిన పేరు రెన్నెట్. పాలు విరగడానికి వాడే ఈ ఎంజైమ్‌ను పాలు తాగే దూడ కడుపు పొర నుంచి తీసేవారు. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి కూడా తయారవుతోంది. 'మైక్రోబియల్' అని రాసి ఉంటే ఇబ్బంది లేదు. ఉత్త 'ఎంజైమ్స్' అని ఉండి పచ్చ చుక్క లేకపోతే నమ్మలేం. ఇటలీ పర్మిజానో రెజ్జానో చీజ్‌కు దూడ రెన్నెట్టే వాడాలన్నది దాని నియమం. పనీర్‌కు ఈ భయం అక్కర్లేదు, దాన్ని నిమ్మరసం లాంటి పులుపుతోనే విరగ్గొడతారు.

మందుల షాపులో పచ్చ చుక్క కోసం వెతికి లాభం లేదు, ఆహారానికి ఉన్న ఆ నిబంధన మందులకు లేదు. స్ట్రిప్ మీద 'హార్డ్ జిలాటిన్', 'సాఫ్ట్ జిలాటిన్' క్యాప్సూల్ అని ఉంటే పై గుల్ల జంతువుది. 'హెచ్‌పీఎంసీ' లేదా 'హైప్రోమెలోజ్' అని ఉంటే మొక్కల నుంచి చేసిన గుల్ల. డాక్టర్ రాసిన మందును సొంతంగా ఆపేయడం, గుల్ల విప్పి పొడి మింగడం మాత్రం చేయొద్దు. కొన్ని మందులు కడుపు దాటాకే కరగాలి. అదే మందు మాత్ర రూపంలో ఉందేమో డాక్టర్‌ను అడగడమే దారి.

ఇక సంతలో విడిగా అమ్మే జెల్లీలు, పెద్ద ప్యాకెట్ విప్పి చిన్న కవర్లలో కట్టిన మిఠాయిలకు లేబులే ఉండదు. అలాంటప్పుడు అసలు ప్యాకెట్ చూపించమని దుకాణదారుణ్ని అడగాలి. చూపించలేకపోతే, అందులో ఏముందో ఆయనకూ తెలియదన్నమాట.