ఆఖరివాడు ఏమయ్యాడు?

పదిమందితో మొదలై ఒక్కొక్కరే తగ్గిపోయే ఆ ఇంగ్లీషు పాటను అగాథా క్రిస్టీ నవల చదివినవారు మర్చిపోలేరు. దాన్ని పిల్లల పాట అనడం నాకు ఇష్టం ఉండదు. 1868లో అమెరికాలో సెప్టిమస్ విన్నర్ రాసినప్పుడు అందులో ఉన్నది ఆదివాసీ పిల్లలు. మరుసటి ఏడు ఇంగ్లండులో ఫ్రాంక్ గ్రీన్ వాళ్ళను నల్ల పిల్లలుగా మార్చాడు. తెల్లవాళ్ళు మొహానికి నల్లరంగు పూసుకుని నల్లవాళ్ళను వెక్కిరించే ఆటలు అప్పుడు జోరుగా సాగేవి. ఒక్కొక్కడు చస్తుంటే హాలంతా నవ్వాలన్నదే ఉద్దేశం.

పాట కట్టుబడి మాత్రం గట్టిది. ప్రతి చరణంలో మొదటి పాదం చివరి మాట, మిగలబోయే అంకెతో ప్రాస కుదరాలి. తొమ్మిది మిగలాలి, 'నైన్'కి 'డైన్' కావాలి, కాబట్టి పదిమందీ భోజనానికి వెళ్తారు. ఏడుకి 'సెవెన్' గనక ప్రాంతం 'డెవన్'. నాలుగుకి 'ఫోర్', కాబట్టి 'లా', అంటే న్యాయశాస్త్రం చదువుతారు. ఎక్కడికి పోవాలో అంకె చెబుతుంది. అక్కడ ఏమవ్వాలో మాత్రం కవి ఇష్టం. గొంతులో ముద్ద అడ్డుపడుతుంది, తేనెటీగ కుడుతుంది. మెలికలన్నీ ఆ ఖాళీలోనే.

క్రిస్టీ పట్టుకున్నది ఆ ఖాళీనే. (నవల చదవనివారు ఇక్కడ ఆగిపోవచ్చు.) లా చదివినవాడు ఛాన్సరీ కోర్టులో చిక్కుకున్నాడని పాట. నవలలో జడ్జి విగ్గుతో కుర్చీలో చనిపోయి కనిపిస్తాడు. ఆ తర్వాత సముద్రానికి వెళ్ళినవాడిని 'రెడ్ హెర్రింగ్' మింగుతుంది. అది చేపా అవును, దారి తప్పించే మాయకు ఇంగ్లీషులో పేరూ అవును. జడ్జి చావు నాటకం. ఆ నాటకానికి తోడ్పడ్డ డాక్టరే తర్వాత సముద్రంలో పోతాడు. పాఠకుడి ముందు సమాధానం పాటగా పరిచే ఉంది, చూడలేదంతే.

చివరి చరణంలో మిగిలినవాడు ఒంటరివాడు. 'అలోన్'కి 'నన్' ఎలాగూ కుదురుతుంది, ఏం జరిగినా ప్రాస చెడదు. గ్రీన్ పాటలో అతడు పెళ్ళి చేసుకుంటాడు. 1939 నవలలో ఉరేసుకుంటాడు. అలాగే వెరా ఒక్కతే మిగిలి ఉరికి వేలాడుతుంది. 1943లో క్రిస్టీయే దాన్ని నాటకంగా మార్చినప్పుడు పెళ్ళి ముగింపు తెచ్చుకుంది. వెరా, లొంబార్డ్ ఇద్దరూ బతికి బయటపడతారు. నాకు నవల ముగింపే సబబు. ఆ ద్వీపానికి పిలిపించినవారందరి మీదా ఎవరో ఒకరి చావుకి కారణమయ్యారన్న నేరం ఉంది. పసివాణ్ణి సముద్రంలోకి పోనిచ్చిన వెరాను పెళ్ళికూతుర్ని చేస్తే ఆ పసివాడు ఏమైనట్టు?

పేరు సంగతి వేరే కథ. అమెరికాలో 1940లోనే నవలకు 'అండ్ దెన్ దేర్ వర్ నన్' అని పేరు పెట్టారు. బ్రిటన్‌లో నల్లవాళ్ళను కించపరిచే పాత పేరే 1980ల దాకా అట్ట మీద ఉంది. అమెరికా ప్రతులు కొన్నింటిలో ఆ బొమ్మలు మళ్ళీ 'ఇండియన్లు' అయ్యాయి. ఈమధ్య ప్రతుల్లో వాళ్ళు సైనికులు. అన్నిసార్లూ చచ్చింది ఆ పదిమందే, మారింది వాళ్ళ పేరే.