ద్రవ ప్రజ్ఞ, స్ఫటిక ప్రజ్ఞ

ముందెన్నడూ చూడని సమస్యను అప్పటికప్పుడు తర్కించి విప్పే శక్తి ద్రవ ప్రజ్ఞ. చదువు, అనుభవం వల్ల కూడిన పదసంపద, లోకజ్ఞానం స్ఫటిక ప్రజ్ఞ. ఈ విభజనను రేమండ్ కాటెల్ 1940లలో ప్రతిపాదించగా, 1960లలో ఆయన శిష్యుడు జాన్ హార్న్‌తో కలిసి విస్తరించారు. బొమ్మల వరుసలో లోపించినదాన్ని కనిపెట్టమనే పరీక్ష మొదటిదాన్ని, మాటలకు అర్థాలడిగే పరీక్ష రెండోదాన్ని కొలుస్తాయి.

ద్రవ ప్రజ్ఞ ఎప్పటి నుంచి తగ్గుతుందన్నది కొలిచే పద్ధతిని బట్టి మారుతుంది. ఒకే రోజున పాతికేళ్లవారినీ డెబ్బై ఏళ్లవారినీ పరీక్షించి పోలిస్తే, యౌవనం దాటగానే పతనం మొదలైనట్టు కనిపిస్తుంది. కానీ ఆ వృద్ధుల తరానికి బడిచదువు తక్కువ; తేడా అంతా వయసుది కాదు. వార్నర్ షాయీ 1956లో ప్రారంభించిన సియాటిల్ అధ్యయనం అవే మనుషులను ఏడేళ్లకోసారి మళ్లీ పరీక్షించింది. అందులో తర్కశక్తి చాలామందిలో అరవై దాకా నిలకడగా ఉంది. వేగం మాత్రం ముందే తగ్గింది.

ఈ పద్ధతికీ లోపముంది. మళ్లీ మళ్లీ రాసేవారికి పరీక్ష అలవాటవుతుంది, ఆరోగ్యం చెడినవారు మధ్యలో తప్పుకుంటారు. అందుచేత క్షీణత ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది. నిజం ఈ రెండు అంచనాల నడుమ ఉందని భావించడం సమంజసం.

స్ఫటిక ప్రజ్ఞ విషయంలో ఇంత వివాదం లేదు. పదజ్ఞానం నడివయసులోనూ పెరిగి, అరవైల దాకా నిలిచి, మరీ ముసలితనంలోనే తగ్గుతుంది. అయితే తెలిసిన పేరు సమయానికి నోటికి రాకపోవడం జ్ఞానం పోయిందనడానికి గుర్తు కాదు. వెతికి తీయడంలోని జాప్యమది.